ఖర్చు పెరిగిందా, పేరు మారిందా? పరిశోధన పన్ను రాయితీలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

ఆర్థిక శాఖల్లో కూర్చుని పరిశోధన రాయితీల చట్టాలు రాసేవారికీ, కొన్నేళ్ల తర్వాత అవి పనిచేశాయా లేదా అని నివేదికలు రాసేవారికీ నమస్కారం.

నేను చాలా ఏళ్లు బ్రిటన్ కంపెనీల తరఫున పరిశోధన రాయితీ క్లెయిములు తయారుచేశాను. మీరు రాసిన వాక్యం ఒక చిన్న కంపెనీ లెక్కల పుస్తకంలోకి వచ్చేసరికి ఏ రూపం తీసుకుంటుందో దగ్గరగా చూశాను. మీ నివేదికల్లో ఆ రూపం కనిపించడం లేదు. ఈ ఉత్తరం అందుకే.

ఒక కంపెనీ కథతో మొదలుపెడతాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ, చిన్నది, ఇంకా నష్టాల్లోనే ఉంది. అందులో ముఖ్యమైన ఇంజినీరు జీతం ఏడాదికి 60,000 పౌండ్లు. మొదటి ఏడాది అతన్ని అడిగితే, తన సమయంలో 40 శాతం నిజంగా కొత్త పని మీద పోతుందని, మిగతాదంతా కస్టమర్ల ఫిర్యాదులు, మరమ్మతులు అని చెప్పాడు. 24,000 పౌండ్లు పరిశోధన ఖర్చు కింద రాశాం. రెండో ఏడాది కంపెనీవాళ్లు ఒక సలహాదారును పెట్టుకున్నారు. వచ్చే రాయితీలో వాటా తీసుకునే రకం. అతను ఇంజినీరును ఒకటే ప్రశ్న అడిగాడు: "ఈ సమస్య గురించి మీరు ఆలోచించని రోజంటూ ఉందా?" ఏ ఇంజినీరుకు ఉంటుంది! సమావేశం అయ్యేసరికి 40 కాస్తా 70 అయింది. ఆ అంకెను ఫారంలో టైప్ చేసింది నేనే, కాబట్టి తప్పులో నాకూ భాగం ఉంది.

అప్పటి బ్రిటన్ చిన్న, మధ్యతరహా కంపెనీల పథకం ఇలా ఉండేది. పరిశోధన మీద 100 పౌండ్లు ఖర్చుపెడితే, పన్ను లెక్కలో 230 పౌండ్లు ఖర్చుపెట్టినట్టు చూపించుకోవచ్చు. దీన్నే సూపర్ డిడక్షన్ అంటారు. కంపెనీ నష్టాల్లో ఉంటే ఆ 230ని వదులుకుని, దాని మీద 14.5 శాతం నగదుగా తీసుకోవచ్చు. అంటే ప్రతి 100 పౌండ్ల ఖర్చుకు చేతికి 33.35 పౌండ్లు. మా ఇంజినీరు విషయంలో 42,000 పౌండ్ల మీద దాదాపు 14,007 పౌండ్లు వచ్చాయి. రెండో ఏడాది అతను మొదటి ఏడాది కంటే ఒక్క గంట కూడా ఎక్కువ పరిశోధన చేయలేదు.

ఇప్పుడు మీ కుర్చీలో కూర్చుని చూద్దాం. మీకు కనిపించేది ఏమిటి? పరిశోధన ఖర్చు 24,000 నుంచి 42,000కి పెరిగింది. అదనంగా వచ్చింది 18,000. ఖజానాకు అయిన ఖర్చు 14,007. భాగిస్తే 1.285. ప్రభుత్వం వదులుకున్న ప్రతి పౌండుకు ఒకటింపావు పౌండు కొత్త పరిశోధన జరిగినట్టు! బ్రిటన్ పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ 2020లో ఇదే పథకం మీద వెలువరించిన సమీక్ష, ఒక పౌండు రాయితీకి 0.75 నుంచి 1.28 పౌండ్ల వరకు అదనపు పరిశోధన వచ్చిందని లెక్కగట్టింది. నా అంకె దాని పై అంచుకు దగ్గరగా రావడం యాదృచ్ఛికమే. ఆ సమీక్ష తప్పని నేననడం లేదు, దాని పద్ధతి నా భాగహారం కంటే చాలా లోతైనది. కానీ ఒక్క గంట కొత్త పని లేకుండా కూడా అలాంటి అంకె పుట్టగలదని మీరు తెలుసుకోవాలి. పేరు మార్చిన ఖర్చు మీ లెక్కలో విఫలమైన రాయితీగా పడదు. విజయంగా పడుతుంది.

దీన్ని పట్టుకోవడం ఎలాగన్నది తర్వాత చెబుతాను. ముందు, రాయితీ ఏ రూపంలో ఇవ్వాలన్న ప్రశ్న ఉంది, ఎందుకంటే సూపర్ డిడక్షన్ రూపమే మీ లెక్కను సగం గందరగోళం చేస్తుంది.

సూపర్ డిడక్షన్ విలువ మీ చేతిలో ఉండదు. అది కార్పొరేషన్ టాక్స్ రేటు చేతిలో ఉంటుంది. బ్రిటన్‌నే చూడండి. 2008లో ప్రధాన రేటు 28 శాతం, మినహాయింపు 175 శాతం. 100 పౌండ్ల పరిశోధనకు అదనపు 75 మీద 28 శాతం, అంటే 21 పౌండ్లు మిగిలేవి. 2012లో మినహాయింపు 225 అయింది, రేటు 24కి దిగింది. మిగిలేది 30 పౌండ్లు. 2015లో మినహాయింపును ఇంకా పెంచి 230 చేశారు. పేపర్లో చదివినవాళ్లు రాయితీ పెరిగిందనుకున్నారు. కానీ పన్ను రేటు తగ్గుతూ 2017కి 19 అయింది, మిగిలేది 24.7 పౌండ్లకు పడిపోయింది. చట్టంలో అంకె పెరిగింది, కంపెనీకి వచ్చేది తగ్గింది. అలా తగ్గించాలని ఎవరూ ఓటు వేయలేదు.

2023 ఏప్రిల్‌లో దీనికి తలకిందుల పరిస్థితి వచ్చింది. రేటును 19 నుంచి 25కి పెంచారు. అదనపు 130ని అలాగే వదిలేసి ఉంటే, 24.7 ఉన్న రాయితీ ఒక్క రాత్రిలో 32.5 అయ్యేది. వాళ్లు అదనపు భాగాన్ని 86కి తగ్గించి విలువను 21.5 దగ్గర నిలబెట్టారు. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఇచ్చే నగదును 33.35 నుంచి 18.6కి దించారు. పన్ను రేటు గురించి తీసుకున్న ప్రతి నిర్ణయమూ చాటుగా పరిశోధన రాయితీ గురించి కూడా తీసుకున్న నిర్ణయమే అవుతుంది. మీరు గుర్తుపెట్టుకుని సరిచేస్తే సరే, లేకపోతే అంతే సంగతులు.

క్రెడిట్ దగ్గర ఈ చిక్కు చాలావరకు లేదు. 100 ఖర్చుపెడితే ఇంత అని నేరుగా చట్టంలోనే ఉంటుంది. లాభం ఉన్న కంపెనీకైతే కట్టాల్సిన పన్నులోంచి తీసేస్తారు, లేనిదానికి నగదుగా ఇవ్వొచ్చు. ఆస్ట్రేలియా 2011 జులైలో మినహాయింపు పద్ధతిని వదిలి క్రెడిట్‌కు మారింది. బ్రిటన్‌లో పెద్ద కంపెనీల కోసం 2013లో ఆర్‌డెక్ అనే క్రెడిట్ వచ్చింది. 2024 ఏప్రిల్ తర్వాత మొదలయ్యే లెక్కల సంవత్సరాల నుంచి చిన్నా పెద్దా చాలావరకు ఒకే 20 శాతం క్రెడిట్ కిందికి వచ్చారు. ఈ క్రెడిట్ మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి 25 శాతం రేటు దగ్గర చేతికి మిగిలేది 15. అంటే రేటు మారితే ఇదీ కొంచెం కదులుతుంది, కాదనను. కానీ సూపర్ డిడక్షన్ కదిలినంత కదలదు. పైగా రేటు పెరిగితే ఇది తగ్గుతుంది, అది పెరుగుతుంది.

ఆర్‌డెక్ విషయంలో బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. సూపర్ డిడక్షన్ కంపెనీ లెక్కల్లో అట్టడుగున, పన్ను అనే వరుసలో కలిసిపోతుంది. దాన్ని చూసేది ఫైనాన్స్ విభాగంలో ఒకరిద్దరు. పరిశోధన విభాగం పెద్దకు తన ప్రాజెక్టు ఖర్చు 100 గానే కనిపిస్తుంది. ఆర్‌డెక్ మాత్రం పన్నుకు ముందే, ఆదాయంలాగా పై వరుసల్లో పడుతుంది. "ఈ ప్రాజెక్టుకు ఇంత తిరిగొస్తుంది" అని బడ్జెట్ మీటింగులో చెప్పుకోవచ్చు. ప్రాజెక్టు చేయాలా వద్దా అని నిర్ణయించే మనిషికి తెలియని రాయితీ ఆ నిర్ణయాన్ని ఎలా మారుస్తుంది? హెచ్‌ఎంఆర్‌సీ 2020 సమీక్షలో ఆర్‌డెక్‌కు వచ్చిన అంకె ఒక పౌండుకు 2.4 నుంచి 2.7. ఈ తేడా అంతా కనిపించడం వల్లే వచ్చిందనలేను. ఆర్‌డెక్ రేటు తక్కువ, భాగహారంలో కింది అంకె చిన్నది, అదీ ఒక కారణమే.

భారత్ అనుభవం సూపర్ డిడక్షన్‌కు ఉన్న ఇంకో బలహీనతను చూపిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం 35(2ఏబీ) కింద కంపెనీ సొంత పరిశోధన కేంద్రం ఖర్చు మీద 200 శాతం దాకా మినహాయింపు ఉండేది. 2017-18 నుంచి 150, 2020-21 నుంచి 100కి దిగింది, అంటే అదనం ఏమీ లేదు. ఆ 200 ఉన్న రోజుల్లో కూడా చాలా కంపెనీలు కనీస ప్రత్యామ్నాయ పన్ను, అంటే మ్యాట్ కింద కట్టేవి. మ్యాట్ లెక్కించేది పుస్తక లాభం మీద. ఈ అదనపు మినహాయింపు పుస్తక లాభంలోకి రానే రాదు. కాబట్టి ఒక చేత్తో ఇచ్చిన రాయితీ ఆ ఏడాదికి ఇంకో చేతిలో ఇరుక్కుపోయి, తర్వాతి సంవత్సరాలకు మోసుకెళ్లే మ్యాట్ క్రెడిట్‌గా మిగిలేది. చట్టంలో రాసిన శాతాన్ని పట్టుకుని ఫలితం కొలిస్తే, కంపెనీకి అసలు అందని రాయితీకి ఫలితం వెతికినట్టే.

ఇక అసలు ప్రశ్న. పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

రాయితీ తీసుకున్న కంపెనీలనూ తీసుకోని కంపెనీలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం అందరూ మొదట చేసే పని, ఎక్కువగా తప్పుదోవ పట్టించే పని కూడా. పరిశోధన పెంచుకోవాలని ముందే అనుకున్న కంపెనీయే రాయితీ కోసం వస్తుంది. మీ రాయితీ లేకపోయినా అది పెంచేదే.

దీనికి చక్కని విరుగుడు బ్రిటన్‌లో దాదాపు అనుకోకుండా దొరికింది. 2008 ఆగస్టులో చిన్న, మధ్యతరహా కంపెనీ అనే మాటకు నిర్వచనం మార్చారు. ఉద్యోగుల పరిమితి 250 నుంచి 500కి, ఆస్తుల పరిమితి 43 మిలియన్ యూరోల నుంచి 86 మిలియన్లకు పెరిగింది. దెషెజ్‌లెప్రెత్ర్, వాన్ రీనెన్ తదితర ఆర్థికవేత్తలు ఆ 86 మిలియన్ల గీతకు కాస్త కిందా కాస్త పైనా ఉన్న కంపెనీలను తీసుకున్నారు. 85 మిలియన్ల ఆస్తులున్న కంపెనీకీ 87 మిలియన్లున్న కంపెనీకీ స్వభావంలో పెద్ద తేడా ఏముంటుంది? కానీ ఒకదానికి పెద్ద రాయితీ, ఇంకోదానికి చిన్న రాయితీ. వాళ్లు తీసుకున్న ఆస్తుల అంకె 2007ది, మార్పు అమల్లోకి రాకముందుది. కాబట్టి రాయితీ కోసం ఎవరూ గీతకు ఇటువైపు జరిగి ఉండే వీల్లేదు. గీత కింద ఉన్నవాటి పరిశోధన ఖర్చు దాదాపు రెట్టింపయింది. పేటెంట్లు సుమారు 60 శాతం పెరిగాయి.

నాకు ఇందులో ఖర్చు కంటే పేటెంట్లే ముఖ్యం. ఖర్చు అనేది క్లెయిము వేసే మనిషే రాసుకునే అంకె. మా ఇంజినీరు 70 శాతం లాంటిది. పేటెంటును పన్ను శాఖ కోసం ఎవరూ పెంచి రాయలేరు, దాన్ని వేరే ఆఫీసు పరిశీలించి ఇవ్వాలి. ఖర్చు పెరిగి పేటెంట్లు కదలకపోయి ఉంటే నేను వెంటనే అనుమానించేవాణ్ని. రెండూ కదిలాయి కాబట్టి అక్కడ నిజంగా ఏదో జరిగిందని నమ్ముతున్నాను. అయితే ఈ ఫలితం ఆ గీత దగ్గరున్న మధ్యతరహా కంపెనీలకే చెందుతుంది. తర్వాతి ఏళ్లలో పదుల వేలుగా వచ్చిన చిన్న క్లెయిములకు దీన్ని అంటగట్టకూడదు. అంటగట్టారు, అది వేరే సంగతి.

గీత తప్పు చోట గీస్తే ఏమవుతుందో చైనాలో చూడొచ్చు. అక్కడ హైటెక్ కంపెనీగా గుర్తింపు వస్తే కార్పొరేట్ పన్ను 25కు బదులు 15 శాతం. 2008 నుంచి ఆ గుర్తింపుకు ఒక షరతు, అమ్మకాల్లో పరిశోధన ఖర్చు ఇంత శాతం ఉండాలని. చిన్నవాటికి 6, మధ్యవాటికి 4, పెద్దవాటికి 3. పన్ను దస్తావేజులను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఏం కనిపించిందంటే, కంపెనీలు సరిగ్గా ఆ శాతాల దగ్గర గుంపులు కట్టాయి. గీత దాటిన చోటే పరిపాలన ఖర్చులు హఠాత్తుగా తగ్గాయి. ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో వేశారన్నమాట. వాళ్ల అంచనా ప్రకారం చూపించిన పరిశోధనలో దాదాపు నాలుగో వంతు ఇలా పేరు మార్చినదే.

ఈ రెండు గీతలకూ తేడా చూడండి. బ్రిటన్‌ది కంపెనీ పరిమాణం మీద ఉంది, పరిశోధకులు దాన్ని పాత తేదీ అంకెతో కొలిచారు. చైనాది కంపెనీ తానే రాసుకునే పరిశోధన ఖర్చు మీద ఉంది. ఒకటి కొలబద్ద అయింది, ఇంకొకటి ఆశ చూపే ఎర అయింది. ఇంత తెలిశాక కూడా బ్రిటన్ ఇప్పుడు రెండో రకం గీతే గీసింది. నష్టాల్లో ఉన్న చిన్న కంపెనీ మొత్తం ఖర్చులో 30 శాతం పరిశోధన అయితే 100కు 26.97 నగదు, లేదంటే ఆ 20 శాతం క్రెడిట్ కింద 16.2, ఎందుకంటే నష్టాల్లో ఉన్న కంపెనీకి క్రెడిట్ మీద పన్నును 25 కాదు, 19 శాతం దగ్గర లెక్కిస్తారు. మొత్తం ఖర్చు పది లక్షల పౌండ్లనుకోండి. పరిశోధన 2,90,000 అని రాస్తే వచ్చేది 46,980. ఇంకో పదివేలు కలిపి 3,00,000 అని రాస్తే 80,910. పదివేల పౌండ్ల పేరు మార్పుకు దాదాపు 34,000 బహుమతి. ఆ సలహాదారు "ఆలోచించని రోజంటూ ఉందా" అని ఎవర్ని అడుగుతున్నాడో నేను ఊహించగలను.

పేరు మార్పును నేరుగా పట్టుకునే సాధనం ఒకటుంది, దాన్నే మీరు అన్నిటికంటే ఆలస్యంగా వాడతారు. లాటరీ తీసినట్టు కొన్ని క్లెయిములను ఎంచి, ప్రతిదాన్నీ పూర్తిగా విప్పి చూడడం. అనుమానం వచ్చినవాటిని తనిఖీ చేస్తే అనుమానం సంగతి తెలుస్తుంది తప్ప మొత్తం సంగతి తెలియదు. హెచ్‌ఎంఆర్‌సీ 2020-21కి తప్పులూ మోసమూ కలిపి 3.6 శాతమని మొదట అంచనా వేసింది. అలా యాదృచ్ఛికంగా ఎంచినవాటిని విప్పాక అది 16.7 శాతం అయింది. చిన్న, మధ్యతరహా పథకంలోనైతే 24.4 శాతం. పథకం మొదలైంది 2000లో. సరైన అంకె బయటపడింది 2023లో. మధ్యలో ఎన్ని సమీక్షలు క్లెయిము ఫారాల్లోని ఖర్చునే పరిశోధనగా తీసుకున్నాయో మీరే చెప్పాలి.

ఇంకో కొలతతో సరిపోల్చి చూద్దామంటే అదీ అంత తేలిక కాదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం సర్వేలో 2020కి కంపెనీల పరిశోధన 26.9 బిలియన్ పౌండ్లని తేలింది. పన్ను క్లెయిముల్లో కనిపించేది అంతకంటే చాలా ఎక్కువ. చిన్న కంపెనీలను సర్వే సరిగ్గా పట్టుకోలేదని 2022లో గుర్తించి ఆ అంకెను 43 బిలియన్లకు పెంచారు. సవరణ సరైనదే కావచ్చు. కానీ ఆ మరుసటి ఏడాదే చిన్న కంపెనీల రాయితీలో పావు వంతు తప్పని తేలింది. క్లెయిములో 70 శాతం అని రాసినవాడు సర్వే ఫారంలో 40 అని రాస్తాడా? అందుకే రెండు ఫారాలు ఒకదానికొకటి సాక్ష్యం అనుకోవద్దు. జీతాల పన్ను రికార్డులు చూడండి. పరిశోధన రెట్టింపయిందని చెప్పే కంపెనీలో కొత్తగా ఎవరైనా చేరారా, ఉన్నవాళ్ల పని గంటలు మారాయా? తలలు పెరగకుండా శాతాలే పెరిగితే ఏం జరిగిందో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

నేను అడిగేది ఇది. కొత్త రాయితీ రాసేటప్పుడు దాన్ని క్రెడిట్‌గా, ఖర్చులో ఇంత అని రాయండి. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఎంత అందుతుందో అదే పేజీలో ఉండాలి. కంపెనీల మధ్య తేడా చూపించక తప్పదనుకుంటే గీతను కంపెనీ కదిలించలేని దాని మీద, ప్రకటన కంటే ముందు తేదీతో గీయండి. యాదృచ్ఛిక తనిఖీకి డబ్బును మొదటి ఏడాది బడ్జెట్‌లోనే కేటాయించండి. క్లెయిముల్లో తప్పు ఎంతో తెలిశాక ఆ భాగాన్ని అదనపు పరిశోధనలోంచి తీసేసి మళ్లీ భాగించండి. కింద ఖజానా ఖర్చు మాత్రం పూర్తిగా అలాగే ఉంచండి, ఎందుకంటే తప్పుగా ఇచ్చిందీ మనం ఇచ్చిందే. మా ఇంజినీరు దగ్గర ఆ లెక్క చేస్తే పైన సున్నా, కింద 14,007 వస్తుంది. మీ తదుపరి నివేదికలో మొదటి నిష్పత్తి పక్కనే ఈ రెండో నిష్పత్తిని కూడా అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఆ 70ని టైప్ చేసిన మనిషి